మునిగే బిడ్డ – తాత్కాలిక పోస్టు

నేను మునిగే బిడ్డగా ప్రభుత్వోద్యోగంలో చేరేనాటికి నా వయసు డెబ్బై ఒకటి.

నవ్వేవాళ్ళు నవ్వండి, నాకేం. ఆ ఆర్డరు కాయితానికి పటం కట్టించి మా వీధి గుమ్మం మీద, మా నాన్నగారి ఫొటో పక్కన తగిలించుకున్నాను. అందులో అచ్చంగా ఇలా ఉంటుంది: "శ్రీ గవర్రాజు గారిని మునిగే బిడ్డ పోస్టునందు తాత్కాలిక ప్రాతిపదికన నియమించడమైనది. వీరు పనివేళలలో మునుగుచుండవలెను. సెలవు దినములలో మునిగినచో శాఖకు ఎట్టి బాధ్యత లేదు."

ఇదంతా ఒక వ్యాసంతో వచ్చింది. మా రేకులంక జిల్లాకు వల్లభేశ్వర్రావు గారని ఒక ప్రత్యేకాధికారి వచ్చారు. మనిషి తెల్లగా, సన్నగా, ఇస్త్రీ మడత విప్పని పంచెలా ఉంటారు. పైదేశంలో ఏదో శిక్షణకని వెళ్ళి, అక్కడ ప్రపంచ పేదరికం మీద వ్యాసం రాసి బహుమతి పట్టుకొచ్చారు. వ్యాసంలోని వాదన ఎవరో తత్వవేత్త ఎప్పుడో చెప్పిందేనట. బహుమతి మాత్రం ఈయనది.

ఆ వాదన ఏమిటో చెప్తాను, వినండి. మీరు దారిన పోతున్నారు. పక్కన లోతులేని మడుగు. అందులో ఎవరి బిడ్డో మునిగిపోతోంది. దిగితే బిడ్డ దక్కుతుంది, మీ కాళ్ళకున్న కొత్త బూట్లు పాడవుతాయి. దిగుతారా, మానేస్తారా? దిగుతారు. బూట్లు చూసుకుని మానేసినవాడి ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగం. సరే, ఇప్పుడు ఆ బిడ్డ మన వీధిలో కాక నాలుగు సముద్రాల అవతల ఉందనుకోండి. మునుగుతున్నది నీళ్ళలో కాదు, మలేరియా జ్వరంలో. బూట్లకు పెట్టే డబ్బు అక్కడికి పంపితే ఆ బిడ్డ గట్టెక్కుతుంది. అప్పుడు మానేయవచ్చునా? మధ్యలో వచ్చింది దూరమొక్కటే. దూరం పెరిగితే ప్రాణం చవకైపోతుందా?

నేను వీధిబడిలో అయిదో తరగతి దాకా వెళ్ళి, ఆ ఎండలకు తట్టుకోలేక వెనక్కి వచ్చేసినవాణ్ణి. అయినా నాకు ఈ మాట సబబుగానే తోచింది. ఇప్పటికీ తోస్తోంది. ఆ వాదనకు ఒక శాఖ, శాఖకు ఒక జీపు, జీపుకు ఒక డ్రైవరు మంజూరయ్యేదాకా అంతా బాగానే ఉంది.

శాఖ పేరు దూరదయ శాఖ. దాని మొట్టమొదటి పని, ఆఫ్రికాలో తుంబేలా అనే నదీతీరపు పల్లెకు దోమతెరలు పంపడం. ఈ పని పట్టించుకున్నది సువర్చల. మా కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే పంతులమ్మ, మా పక్కింటి పిల్ల. శాఖకు సలహాదారుగా డెప్యుటేషన్ మీద వేశారు. తుంబేలాలో వానలు పడితే దోమలు లేస్తాయి, దోమలు లేస్తే చంటిపిల్లలు రాలిపోతారు. మందు పట్టించిన దోమతెర కింద పడుకోబెడితే చాలామంది మిగులుతారు. అక్కడ తెరలు పంచే సంస్థతో సువర్చల మాట్లాడి పెట్టింది. వానలకు ముందు వెళ్ళే ఓడకు సొమ్ము కట్టడమొక్కటే మిగిలింది.

వల్లభేశ్వర్రావు గారు ఆ ఫైలు చూసి, ప్రేమగా పక్కన పెట్టి, ఇంగ్లీషూ గ్రాంథికమూ కలిసిన తమ భాషలో ఒక ఉపన్యాసం ఇచ్చారు. ముందు మన సిబ్బందిలో దూరభావము సమూలముగా నశించవలెను. భావము నశింపక తెర పంపినచో అది కేవలం తెర. నశించిన పిమ్మట పంపినచో అది దయ. కాబట్టి మొదట శిక్షణ, తరవాత తెరలు. శిక్షణకు మడుగు కావాలి. మడుగులో బిడ్డ కావాలి.

మడుగుకు టెండరు పిలిచి ఆఫీసు వెనకాల తవ్వించారు. వ్యాసంలో లోతులేని మడుగు అని ఉంది కనుక నడుముకు మించి తవ్వలేదు. బిడ్డ దగ్గర చిక్కొచ్చింది. పిల్లల్ని పనిలో పెట్టుకోవడం చట్టరీత్యా నేరం. దానితో పేపర్లో ప్రకటన వేశారు: మునిగే బిడ్డ కావలెను, పద్దెనిమిదేళ్ళు నిండి ఉండవలెను, మునుగుటలో అనుభవము కలవారికి ప్రాధాన్యము.

నేను వెళ్ళాను. అనుభవం ఏమిటన్నారు. పెద్ద వరదొచ్చిన ఏడు మా గడ్డిమేటు మీద కూర్చుని గోదాట్లో కొట్టుకుపోయిన సంగతి చెప్పాను. నాతో పాటు మా పాడిగేదె కూడా ఉంది. ఆకలేసినప్పుడల్లా పాలు పితుక్కున్నాను. మిగిలిన పాలు యానాం చేరేసరికి తోడుకున్నాయి. అక్కడ రేవులో దిగి పెరుగు అమ్ముకుని, ఆ డబ్బులతో బస్సెక్కి వచ్చాం, ఇద్దరమూను. గేదెకు హాఫ్ టిక్కెట్టు. కమిటీలో ఒకాయన ఇదంతా రాసుకుని, గేదె టిక్కెట్టు ఉందా అని మాత్రం అడిగారు.

వయసు డెబ్బై ఒకటి, పోస్టేమో బిడ్డ, ఇదెలా కుదురుతుందని ఇంకొకాయన సందేహించారు. మనస్తత్వం బిడ్డదైతే చాలుననీ, అందుకు దగ్గరివారి ధ్రువీకరణ కావాలనీ తేల్చారు. మా ఆవిడ మాణిక్యాన్ని పిలిపించారు. ఆవిడ వారపు సంతలో జంతికలు, చెక్కలు అమ్ముతుంది. బేరంలో ఆవిడతో గెలిచినవాడు ఈ మూడు మండలాల్లో ఇంకా పుట్టలేదు. కమిటీ ఎదుట నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఈయనకి పసితనం పోలేదని ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతానండి. నలభై ఎనిమిదేళ్ళుగా సాకుతున్నాను" అంది. ఉద్యోగం వచ్చేసింది.

పని సుఖంగానే ఉండేది. పొద్దున్నే వెళ్ళి, నా కిర్రుచెప్పులు ఒడ్డున విడిచి, మడుగులో గొంతుక్కూర్చుని మునగడం. గుమాస్తాలు జట్లు జట్లుగా వచ్చి, కాకతాళీయంగా ఆ దారిన పోతున్నట్టు నటించి, నన్ను చూసి ఉలిక్కిపడి దూకాలి. రెండోరోజున ఒక గుమాస్తా రబ్బరు చెప్పులతో వచ్చి నన్ను చటుక్కున తీసేశాడు. అతన్ని ఫెయిల్ చేశారు. రబ్బరు చెప్పులు తడిస్తే నష్టమేముంది? నష్టం లేనిదే త్యాగం లేదు, త్యాగం లేనిదే వాదన నిరూపణ కాదు. మర్నాడు సర్క్యులరు వచ్చింది: "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, రక్షణకు వచ్చువారు విలువైన తోలుబూట్లు ధరించి రావలెను. బూట్లు లేనివారికి అడ్వాన్సు మంజూరు చేయబడును."

అడ్వాన్సు ఏ పద్దులోంచి? శాఖకు ఉన్న పద్దు ఒక్కటే, దోమతెరలది.

ముప్పైమంది సిబ్బందీ పట్నం వెళ్ళి అద్దంలా మెరిసే బూట్లు కొనుక్కొచ్చారు. దూకారు. పాడయ్యాయి. త్యాగం జరిగింది. మర్నాడు మళ్ళీ దూకాలంటే మళ్ళీ బూట్లు కావాలి. మళ్ళీ అడ్వాన్సు. తుంబేలా పిల్లల తెరలు నా కళ్ళముందే తడిసి, ఉబ్బి, పిగిలిపోయి చెత్తకుండీలోకి వెళ్ళాయి.

ఈలోగా దూరభావం నశింపజేసే కార్యక్రమం ఆఫీసు లోపల కూడా మొదలైంది. దగ్గరివాడని ఎవరినీ ముందు చూడకూడదు. టీ తెచ్చేవాడు గుమ్మం పక్క బల్లకి ముందు ఇస్తే పక్షపాతం. అందుకని అన్నిటికంటే దూరపు బల్లకు ముందు ఇవ్వాలన్నారు. వాడు ఆ బల్ల దగ్గరికి వెళ్ళేసరికి అది దగ్గరైపోయింది, గుమ్మం పక్కది దూరమైపోయింది. వాడు గ్లాసులతో గది మధ్యలో నిలబడిపోయాడు. మూడు రోజులు ఆఫీసులో ఎవరికీ టీ లేదు. ఊళ్ళో గడ్డివాము అంటుకుంటే ఫైరింజను వాళ్ళు బయల్దేరే ముందు, ఇంతకంటే పెద్ద మంట ఇంకెక్కడైనా ఉందేమో కనుక్కోమని శాఖకు ఫోను చేశారు. మేం కనుక్కుని, దక్షిణ అమెరికాలో ఒక అడవి తగలబడుతోందని చెప్పాం. వాళ్ళు ధర్మసంకటంలో పడ్డారు. వాము బూడిదైంది.

ఒక సాయంత్రం సువర్చల మా అరుగు మీద దిగాలుగా కూర్చుంది. నేను తల తుడుచుకుంటూ, ఇంత గొడవకు కారణం ఆ వాదనేనేమో, దూరం దగ్గర ఒకటే అంటే చివరికి ఇదే కదా అన్నాను.

"కాదు బాబాయ్ గారూ," అంది. "దూరంగా ఉన్నాడని వదిలెయ్యకు అన్నారు గాని, దగ్గరున్నవాణ్ణి వదిలెయ్యమని ఎవరూ అనలేదు. దగ్గరున్న బిడ్డ కనిపిస్తుంది, చెయ్యి చాస్తే అందుతుంది, మనం తప్ప అక్కడ ఎవరూ లేరు. అందుకని దిగుతాం. ఇదివరకు దూరపువాళ్ళకి మన చెయ్యి అందేది కాదు. ఇప్పుడు అందుతోంది, అంతే తేడా."

అయితే ఒక తెర పంపితే ఒక బిడ్డ దక్కినట్టేనా అని అడిగాను. కాదంది. అబద్ధం చెప్పే పిల్ల కాదు. తెర లేని పిల్లలంతా చచ్చిపోరు, తెర ఉన్న పిల్లలంతా బతకరు. వందల తెరలు కడితే ఒక ప్రాణం నిలబడుతుందని లెక్క. మిగతావాళ్ళకి జ్వరాలు తగ్గుతాయి. ఏ తెర కింద ఎవరు నిలబడ్డారో పంపినవాడికీ తెలీదు, నిలబడ్డవాడికీ తెలీదు. అందుకే మడుగు కథ చెప్పడం తేలిక, తెర కొనడం కష్టం అంది.

"మరి ఒకణ్ణి తీశాక ఇంకొకడు మునుగుతుంటే? బూట్లయ్యాక చొక్కా, చొక్కా అయ్యాక ఇల్లు. ఎక్కడాగాలమ్మా?"

"అది నాకూ తెలీదు. పెద్దపెద్దవాళ్ళే తేల్చుకోలేదు. ఒంటి మీది బట్ట దాకా అన్నవాళ్ళున్నారు, ఎవరి వాటా వాళ్ళు చేస్తే చాలన్నవాళ్ళున్నారు." మళ్ళీ తనే అంది, "కానీ మన ఆఫీసు మొదటి బూటు దగ్గరే ఆగిపోయింది కదా. ఎల్లుండి సాయంత్రంలోగా సొమ్ము కట్టకపోతే ఓడ వెళ్ళిపోతుంది. తరవాతి ఓడ వెళ్ళేసరికి అక్కడ వానలు."

పద్దులో ఎంత మిగిలిందని అడిగాను. ఏమీ మిగల్లేదు. చివరిసారిగా ముప్పై జతల కొత్త బూట్లు కొన్నారు. ఎల్లుండి రాజధాని నుంచి మూల్యాంకన బృందం వస్తోంది, వాళ్ళ ఎదుట మహా ప్రదర్శన. అయితే ఈసారి ఆ బూట్లు తడవవు. ఆడిటు నాగలింగం గారు, ఇన్ని బూట్లు పాడుచేయడం దుర్వ్యయమని అభ్యంతరం రాశారట. వల్లభేశ్వర్రావు గారు రాత్రంతా ఆలోచించి త్యాగమూ చెడకుండా, ఆడిటూ చెడకుండా ఒక ఉత్తర్వు తయారుచేశారు. దాన్ని సువర్చల నవ్వలేక నవ్వుతూ చదివింది: "రక్షకులు తమ బూట్లను ఒడ్డున వరుసగా విడిచి మడుగునందు దిగవలెను. అట్లు విడిచిన క్షణము నుండి సదరు బూట్లు పూర్తిగా నష్టమైనవిగాను, వాటిపై ఎవరికిని ఎట్టి హక్కు లేనివిగాను భావించవలెను."

మాణిక్యం అప్పటిదాకా లోపల జంతికలు వత్తుకుంటోంది. పిండి చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది.

"అంటే ఆ బూట్లు పోయినట్టేనా, అమ్మాయ్?"

"ఉత్తర్వు ప్రకారం పోయినట్టే, పిన్నీ."

"ఎవరివీ కావా?"

"ఎవరివీ కావు."

మాణిక్యం చేతుల పిండి దులుపుకుంది. ఎల్లుండి సంత రోజు. సంత ఆఫీసు ప్రహరీకి అవతలే. నా వైపు తిరిగి అంది: "ఏవండోయ్, ఎల్లుండి మీరెంతసేపు మునగ్గలరు?"

"నువ్వెంతసేపు మునగమంటే అంతసేపు."

ఎల్లుండి వచ్చింది. మడుగు చుట్టూ పందిళ్ళు, మామిడాకులు, మైకు. ముప్పై జతల బూట్లు ఒడ్డున వరుసగా, ఎండలో కళ్ళు చెదిరేట్టు మెరుస్తున్నాయి. వాటి చివర అలవాటు ప్రకారం నా కిర్రుచెప్పులు. మూల్యాంకన బృందం మడుగుకు ఒకవైపున కుర్చీల్లో కూర్చుంది, బూట్లు వాళ్ళకీ, నా వైపు తిరిగి దిగేవాళ్ళకీ వెనకవైపున ఉన్నాయి. పోల్చి చూడటానికి ఇంకో మనిషి కావాలని వాళ్ళు ముందే రాశారట. అందుకని నా స్నేహితుడు అబ్బుల్ని కూడా పెట్టారు. నన్ను రక్షిస్తారు, అతన్ని రక్షించరు. ఆఖర్న ఇద్దరిలో ఎవరు బాగున్నారో చూస్తారు. అదీ శాస్త్రమట. అబ్బులు పెద్దగా అభ్యంతరం పెట్టలేదు, భోజనం వేళకి వదిలేస్తారా అని మాత్రం అడిగాడు.

ఈల వేశారు. మేమిద్దరం మునిగాం. ముప్పైమందీ లాగులు మడిచి దిగారు. ముందు వచ్చిన సూపరింటెండెంటు గారు నా చెయ్యి పట్టుకోబోయారు. ఇలా తీసేస్తే అరనిమిషంలో అయిపోతుంది, మాణిక్యం ఇంకా ప్రహరీ సందు కూడా దాటలేదు. నేను రెండు గుటకలు నీళ్ళు మింగి, దీనంగా అడిగాను:

"అయ్యా, తమరు నన్ను తీస్తున్నది నేను దగ్గరున్నాననే కదండీ?"

సూపరింటెండెంటు గారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆయన వల్లభేశ్వర్రావు గారి వైపు చూశారు. వల్లభేశ్వర్రావు గారు మూల్యాంకన బృందం వైపు చూశారు. బృందంలో పెద్దాయన ఏదో రాసుకున్నారు. సూపరింటెండెంటు గారు చెయ్యి వెనక్కి తీసుకుని, అది దగ్గరితనం వల్ల కాదనీ, ప్రపంచంలో మునుగుతున్న వారందరినీ విచారించిన మీదటే నన్ను ఎంచుకున్నామనీ నిరూపించే బాధ్యత తమ సెక్షన్‌దేనని ఒప్పుకున్నారు. నీళ్ళలోనే విచారణ మొదలైంది.

అది తేలేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అప్పుడు ఎవరు తీయాలన్న ప్రశ్న లేచింది. ఇంతమంది ఉండగా నేనే ఎందుకన్నారు ప్రతివారూ. న్యాయమైన వాటా అనే సిద్ధాంతం ఒకటుందని ఒక అధికారి మైకు తెప్పించుకుని చెప్పారు. రక్షకులు ముప్పైమంది కనుక ప్రతివారి బాధ్యతా ముప్పైయో వంతు. ఆ ప్రకారం ఒక్కొక్కరూ నా వైపు ఒక్కొక్క అంగ వేసి ఆగిపోయారు. అందరి వాటాలూ పూర్తయ్యాయి, నేను మాత్రం ఉన్నచోటనే ఉన్నాను. ఒక్కరు వాటా మించి ఇంకో అంగ వేస్తే అందిపోదును. అలా వేయడం మిగతావారి బాధ్యతను కాజేయడమవుతుందని నాగలింగం గారు ఒడ్డునుంచి హెచ్చరించారు.

మధ్యలో ఒక యువ అధికారికి మూలకారణం తట్టింది. బయటికి తీయడం పైపూత వైద్యమనీ, అసలు కంచె లేకుండా మడుగు తవ్విందెవరో తేల్చకుండా మనిషిని తీస్తే అన్యాయపు వ్యవస్థను కాపాడినట్టవుతుందనీ అన్నాడు. మాట నిజమే, మా అరుగు మీద సువర్చల కూడా ఆ మాట అంటూండేది. కాకపోతే ఆ పిల్ల, తీశాక కంచె కడదాం అంటుంది. ఈ అబ్బాయి మడుగు తవ్వినవారెవరో కనుక్కోమన్నాడు. తవ్వించింది శాఖే అని తేలేసరికి ఆ చర్చ చప్పున చల్లారిపోయింది. ఇంకొకాయన, ఈరోజు తీస్తే రేపు మళ్ళీ మునగడం అలవాటు చేసుకుంటాడు, స్వయంసమృద్ధి నేర్పాలి అంటూ, ఒడ్డుకు దగ్గరగా నిలబడి గాల్లో చేతులాడిస్తూ ఈత నేర్పారు. నేను శ్రద్ధగా నేర్చుకున్నాను. గోదాట్లో పుట్టి పెరిగినవాణ్ణయినా ఆయన చెప్పినట్టు కొడితే నిజంగానే మునిగేవాణ్ణి.

ఇదంతా చూసి చూసి అబ్బులికి విసుగొచ్చింది. భోజనం వేళ దాటిపోతోంది. లేచి, పంచె పిండుకుని, మడుగులోంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. బృందంవారు గడియారాలు చూసుకుని పరుగుపరుగున రాసుకున్నారు. ఆ తరవాత అచ్చువేసిన నివేదికలో ఈ వాక్యముంది: "రక్షింపబడని వ్యక్తి మధ్యాహ్నమునకే సురక్షితముగా ఒడ్డు చేరెను. రక్షింపబడుచున్న వ్యక్తి సాయంత్రము వరకు నీటియందే ఉండెను. కావున రక్షణ హానికరమని తేలుచున్నది."

మరి నేనెందుకు లేవలేదంటారా? నాకు మడుగులోంచి ప్రహరీ సందు కనిపిస్తూనే ఉంది. మాణిక్యం గంపతో వస్తోంది, పోతోంది. గంప మీద జంతికల గుడ్డ కప్పి ఉంది. సంతలోంచి ఆవిడ గొంతు వినిపిస్తోంది: "త్యాగానికి తెచ్చిన బూట్లు! ఒక్క చుక్క నీళ్ళు తగల్లేదు! కాలు పెట్టి చూసుకుని మరీ కొనుక్కోండి!" లారీ డ్రైవర్లు, పెళ్ళివారు, కోడిపందేలవారు ఎగబడుతున్నారని వింటేనే తెలుస్తోంది. ఆ కేకలు మైకులోని ఉపన్యాసాల మీద పడకుండా నేను అప్పుడప్పుడు గట్టిగా మునుగుతూ కేకలేశాను.

ఒక్కసారి మాత్రం నిజంగా భయం వేసింది. పొద్దువాలుతుండగా వల్లభేశ్వర్రావు గారే, చర్చ చాలించి, తాము స్వయంగా తీస్తామని లాగు మడవసాగారు. ఆయన బూట్లు విడవడానికి ఆ వరుస వైపు తిరిగితే అక్కడ ఎన్ని జతలున్నాయో తెలిసిపోతుంది. సువర్చల పందిట్లోంచి లేచి అడ్డొచ్చింది.

"సార్, మీరు ఈయన్ని తీశాక ఆగుతారా, ఆగరా?"

"అర్థం కాలేదమ్మా."

"ఒకణ్ణి తీసి ఆగిపోతే, ఆగడానికి కారణం చెప్పాలి. ఆగకపోతే మీరింక ఇంటికి వెళ్ళడానికి లేదు. ఏదో ఒకటి మూల్యాంకన బృందం ముందు స్పష్టం చేసి దిగితే బాగుంటుంది."

వల్లభేశ్వర్రావు గారు ఒక బూటు చేత్తో పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి ఆలోచించసాగారు. కాసేపటికి కాలు మార్చారు. రెండో బూటు కూడా విడిచి, రెండింటినీ గట్టున పెట్టి, వాటికి వీపు తిప్పి, బృందానికి తమ వ్యాసంలోని నాలుగో అధ్యాయం చెప్పనారంభించారు. ఆయన వెనకనుంచి మాణిక్యం గంప ఒకసారి వచ్చి వెళ్ళింది.

ఎండ పచ్చబడ్డాక ప్రహరీ సందులో మాణిక్యం కనిపించింది. గంప ఖాళీ. పైట చెంగుతో ముఖం తుడుచుకుని, దాన్ని రెండుసార్లు దులిపింది. పక్కనే సువర్చల ఫోను చూసుకుని తల ఊపింది. ఓడకు కట్టాల్సిన సొమ్ము వెళ్ళిపోయింది.

నేను లేచి నిలబడ్డాను. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. ముప్పైమందీ నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా వాళ్ళ మధ్యలోంచి, క్షమించండి బాబూ, దారివ్వండి బాబూ అనుకుంటూ నడిచి ఒడ్డెక్కాను.

బూట్లు లేని సంగతి అప్పుడు తెలిసింది. ముందు ఒకరినొకరు అనుమానించుకున్నారు. తరవాత అందరూ కలిసి ఎస్సై గారిని పిలిపించారు. ఎస్సై గారు ఫిర్యాదు రాసుకోబోతూ, బూట్లు ఎవరివని అడిగారు. మావేనన్నారు. సువర్చల ఉత్తర్వు అందించింది. ఎస్సై గారు దాన్ని పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివి, కలం మూత పెట్టేశారు. "ఇందులో ఇవి అప్పుడే నష్టమైపోయినట్టు రాశారు కదండీ. నష్టమైపోయిన బూట్లు, ఎవరికీ హక్కు లేని బూట్లు, మళ్ళీ పోవడమేంటండీ?" అన్నారు. ఆయనకీ కొంచెం నవ్వొచ్చినట్టుంది. సంతలో కొన్న జత అప్పటికే ఆయన కాళ్ళకుంది.

దూరదయ శాఖవారు ఆ సాయంత్రం కంకరరోడ్డు మీద వట్టి కాళ్ళతో ఇళ్ళకు నడిచారు. వల్లభేశ్వర్రావు గారు మాత్రం అధైర్యపడలేదు. "ప్రజల స్వచ్ఛంద త్యాగము: రేకులంక నమూనా" అని ఇంకో వ్యాసం రాసి, ఇంకో బహుమతి పుచ్చుకున్నారు. అందులో బూట్లన్నీ తామే సమర్పించినట్టుంది. సువర్చల ఆ వ్యాసం చదివి ఊరుకుంది. తెరలు వెళ్ళాయి కదా, పేరు ఎవరికొస్తే నాకేం అంది.

తెరలు వానలకు ముందే తుంబేలా చేరాయి. చిన్న పల్లె, ఇంటింటికీ సరిపోయాయట. అక్కడి సంస్థవారు ఒక ఫొటో పంపారు. మట్టిగోడల గది, తాటాకు కప్పు, నేల మీద చాప, చాపకు పైన తెల్లటి తెర. తెర కింద ఎవరో బిడ్డ, అరికాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ బిడ్డ ఆ తెర వల్లే నిలిచిందో, తెర లేకపోయినా నిలిచేదో ఎవరికీ తెలియదు. మా ఆవిడ మాత్రం ఆ ఫొటో చాలాసేపు చూసి, "కాళ్ళు చిన్నవి. ఈ జత అమ్ముడుపోదు" అని పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

అదలా ఉంచండి. నేనొకటి చెప్పడం మరిచాను. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక, తడిబట్టలతో ఒడ్డంతా వెతికాను. నా కిర్రుచెప్పులు కనిపించలేదు. పాతికేళ్ళుగా నేను వీధి మలుపు తిరిగితే ఊరంతటికీ తెలిసేట్టు కిర్రుమన్న చెప్పులు. ఇంటికెళ్ళి మాణిక్యాన్ని అడిగాను.

ఆవిడ గంప బోర్లించి దులుపుతూ, తల ఎత్తకుండా చెప్పింది: "వరుసలో ఉన్నాయి కదా అని అమ్మేశానండి. మంచి ధరే వచ్చింది. దగ్గరివాళ్ళవని వదిలేస్తే పక్షపాతం కాదూ?"